అరుగు మీద పెట్టిన నల్లరాయి

పల్నాడు మొత్తం మీద పలకా బలపం లేకుండా బడి నడిపించిన మొదటి మనిషిని నేనే. పసిపిల్లలకు ఆకులతోనూ రాళ్ళతోనూ చదువు చెప్పే పద్ధతిని కనిపెట్టింది ఈ చెన్నకేశవులే. కాదనేవాళ్ళుంటే ముందుకు రండి, నా వయసువాళ్ళెవరూ మిగల్లేదు కనుక నాకు భయం లేదు.

అవి యుద్ధం రోజులు. గురజాల దగ్గర మా ఊళ్ళో ఒక మిషను బడి ఉండేది. అందులో శిశు తరగతికీ ఒకటో తరగతికీ కలిపి ఒక్కతే టీచరు, ఫిలోమినా. గుంటూరులో ట్రైనింగు ముగించుకుని కొత్తగా వచ్చింది. రాగానే అక్షరాలు దిద్దించడం పక్కన పెట్టి పిల్లల్ని ఆకులేరుకు రమ్మని పంపింది. వాళ్ళు వేప, తంగేడు, జిల్లేడు, ఆముదం, ఏది కనిపిస్తే అది ఒళ్ళో వేసుకొచ్చారు. వాటిని ఎవరికి తోచినట్టు వాళ్ళు కుప్పలు పెట్టాలి.

"ఇవన్నీ ఒకచోటెందుకు పెట్టావు నాయనా?" అని అడిగేది.

"ఇవి మందంగా ఉన్నయి, అవి పల్చగా ఉన్నయి," అనేవాడొకడు.

"ఇవి మా మేక తింటది. అవి తినదు," అనేవాడు దానయ్య.

రెండూ సరేననేది. పెద్దవాళ్ళకు మాత్రం సరిపోలేదు. "పొద్దస్తమానం ఆకులేరితే ఇంక చదువెప్పుడమ్మా? ఆకులేరను మా గొడ్డు చాలదా?" అని నేనే ఎగతాళి చేశాను.

ఆకులయ్యాక 'మా ఇల్లు' అనే ఆట మొదలుపెట్టింది. దానికి రాళ్ళు కావాలంటే నాగులేటి నుంచి బండెడు గులకరాళ్ళు తోలుకొచ్చాను. అందులో ఒక రాయి దున్నపోతు తలకాయంత ఉంది. దాన్ని ఎక్కించేసరికి ఎడ్లు రెండూ మోకాళ్ళ మీద కూలబడి నాకు దణ్ణం పెట్టాయి.

బడిలో నేలంతా నాపరాళ్ళు పరిచి ఉండేవి. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క గడి సుద్దముక్కతో గీసింది. అది వాళ్ళ ఇల్లు. ఇంట్లో మనిషికొక రాయి. ఏ రాయి ఎవరో బిడ్డ ఇష్టం. పెట్టి, ఆ మనిషి ఏం పని చేస్తారో నోటితో చెప్పాలి. అంతే, రాసేదేమీ లేదు. నేను బండి విప్పి అరుగు మీద కూర్చుని చూస్తున్నాను.

ముంతాజ్ అని ఐదేళ్ళ పిల్ల. ఎర్రరాయి పెట్టి, "మా నాయనమ్మ. అందర్నీ తిడతది," అంది. తెల్లరాయి వాళ్ళమ్మ. చింతగింజంత రాయి తను. తర్వాత రెండు చేతులతో నల్లరాయి ఒకటి మోసుకొచ్చి నడిమధ్యన పెట్టింది. "మా నాయన."

ఆ నాయన మౌలాలీ పటాలంతో పాటు అస్సాం వైపు రోడ్డు పనికి పోయాడు. కొన్ని నెలలుగా ఉత్తరం లేదు.

"నిన్న మీ ఇంట్లో అన్నం తిన్నదెంతమందే?" అంది ఫిలోమినా.

"ముగ్గురం."

"మరి నాలుగు రాళ్ళేంది? ఇంట్లో ఉన్నోళ్ళనే పెట్టాలమ్మా."

లెక్క కుదరాలన్న ధ్యాస తప్ప ఆమె మనసులో మరేమీ లేదు. నల్లరాయిని తీసి, గడప దాటి వచ్చి, అరుగు మీద నా పక్కన పెట్టి లోపలికి పోయింది. పిల్ల గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. నేను చూశాను. ఏమీ అనిపించలేదు.

మర్నాడు ముంతాజ్ రాలేదు. నాయనమ్మ ఖాతూన్ బీ వచ్చింది. ఎప్పుడూ వీధి చివరినుంచే వినపడే మనిషి, ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కార్డు ఎప్పుడొచ్చింది టీచరమ్మా?"

"ఏ కార్డవ్వా?"

"మా మౌలాలీది. నువ్వు చదివి దాచినదే."

ఊళ్ళో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేది ఫిలోమినాయే. చావు కబురు తెచ్చిన కార్డును మా వైపు గడప లోపలికి తీసుకుపోరు. బయటే చదివి, బయటే చించి పారేస్తారు. అలాంటిది, ఊరి ఉత్తరాలన్నీ చదివే మనిషి మౌలాలీ రాయిని తీసి గడప బయట పెట్టింది. పిల్ల ఇంటికి పోయి, "టీచరమ్మ నాయన్ని బయట పెట్టింది," అని చెప్పింది. ఇంకేం చెప్పాలి?

"ఏ కార్డూ రాలేదవ్వా! దేవుని తోడు!"

"రాకపోతే నా కొడుకునెందుకు బయట పెట్టినవమ్మా? నా కోడలు గాజులు తీసి మూల కూర్చుంది."

ఫిలోమినా చేతిలో సుద్దముక్క విరిగింది. పిల్లల్ని నాకప్పగించి పరుగెత్తింది. ఆ పిల్లలు నాకప్పగిస్తే ఉంటారా? వాళ్ళూ, వాళ్ళ వెనక నేనూ, అందరం పోయాం.

ముంతాజ్ వాళ్ళమ్మ పీరాంబీ తలుపు చాటునుంచే మాట్లాడింది.

"టీచరమ్మా, ఒక్క మాట చెప్పు. ఆయన ఉన్నాడా?"

ఉన్నాడనడం చానా తేలిక. నేనైతే ఉన్నాడనేసి, మొన్న సంతలో కనిపించాడని కూడా కలిపేవాణ్ణి. ఫిలోమినా నోరు తెరిచి, మూసి, "నాకు తెలియదక్కా," అంది.

"తెలియకుండా రాయెట్టా తీసినవు?"

ఫిలోమినా సుద్ద అంటిన చేతిని కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. సుద్ద ఎప్పుడో పోయింది, తుడవడం మాత్రం ఆగలేదు.

మర్నాడు బడిలో గడులన్నీ తుడిచేసి కొత్తగా గీసింది. ఈసారి ప్రతి ఇంటి నుంచి ఒక దారి కూడా గీసింది. ముంతాజ్ నాయనమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఖాతూన్ బీ గుమ్మంలోనే చతికిలబడింది, కాపలాకు.

"ఇంట్లో ఉన్నోళ్ళను ఇంట్లో పెట్టండి. ఊరెళ్ళినోళ్ళను దారిలో పెట్టండి. ఎంత దూరమో మీ ఇష్టం. మీ రాళ్ళు నేను ముట్టుకోను."

దానయ్య తల్లి అంతకు ముందేడే చనిపోయింది. వాడు తల్లి రాయిని ఇంట్లోనే, పొయ్యి దగ్గర పెట్టాడు. ఫిలోమినా చెయ్యి కొంచెం కదిలి, వెనక్కి పోయింది. ముంతాజ్ నల్లరాయిని దారిలో పెట్టింది. ఆలోచించి, ఇంటి వైపు జరిపింది. మళ్ళీ జరిపింది. గడపకు జానెడు దూరంలో ఆపి, "వస్తన్నాడు," అంది.

ఖాతూన్ బీ లేచి ఇంటికి పోయింది. సాయంత్రానికి పీరాంబీ గాజులు తొడుక్కుందని విన్నాం.

తర్వాత కొన్నాళ్ళకు నిజంగానే మౌలాలీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఫిలోమినా అరుగు మీద ఉంది. ఖాతూన్ బీ ఉత్తరం పట్టుకుని వీధిలో వస్తుంటే లేచి నిలబడింది. ఖాతూన్ బీ తల తిప్పకుండా బడి దాటి, ఎండలో గురజాల దారి పట్టింది, పోస్టాఫీసులో చదివించుకోవడానికి. ఫిలోమినా మళ్ళీ కూర్చుంది.

"అడిగితే చదివేదాన్ని కేశవులు గారూ," అంది.

"అడగరులేమ్మా," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మరుసటి ఏడు జొన్న కోతలప్పుడు మౌలాలీ వచ్చాడు, ఒక కాలు ఈడ్చుకుంటూ. నేరుగా బడికొచ్చి, దారిలో ఉన్న తన రాయిని తనే ఎత్తి ఇంట్లో పెట్టాడు. పిల్లలు కేకలేశారు. ఫిలోమినా ఏడ్చింది.

సరే, సరే. ఆ పద్ధతి కనిపెట్టింది నేను కాదు. ఆమె ట్రైనింగులో నేర్చుకొచ్చింది. దారి గీయడం ఆమె సొంత తెలివి. నాది ఒట్టి బండీ, ఎడ్లూ. ఎడ్లు దణ్ణం పెట్టలేదని మీరు ఎటూ కనిపెట్టే ఉంటారు. మౌలాలీ వచ్చిన మాట నిజం, కాలు ఈడ్చిన మాట నిజం. రాయిని ఎత్తి ఇంట్లో పెట్టడం మటుకు నా కల్పన. అప్పటికి ఆ గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి, అతను బడి గడపే తొక్కలేదు. ఆ రాయి ఫిలోమినా బల్ల మీదే ఉండేది. ఇచ్చేద్దామని రెండుసార్లు వాళ్ళ వీధి దాకా పోయి వెనక్కి తెచ్చుకుంది.

ఫిలోమినా ఎక్కడున్నా, ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని అలా మార్చి చెబుతుంటాను.