ఇరవై నాలుగు కోసం

మా గదిలో వెల్డరుకి పెట్టిన పేరు రేటుగాడు. పొద్దున్న కళ్ళు తెరిస్తే దేవుడి పటం వైపు చూసేవాళ్ళని చూశాను, భార్య ఫొటో చూసేవాళ్ళనీ చూశాను. వీడు ఫోనులో మారకం రేటు చూస్తాడు. చూశాకే మొహం కడుక్కుంటాడు.

నేను ఎలక్ట్రీషియన్ని. వీడి మంచం కిందది, నాది పైది. వాడి కథంతా పైనుంచి విన్నదే.

ఇంటి దగ్గర వీడు అప్పు చేసి వెల్డింగు షాపు పెట్టాడు. షాపు మునిగింది కానీ అప్పు మునగలేదు. అది తీర్చడానికి ఈ పరాయి దేశం వచ్చాడు. బ్యాంకు వాయిదా నెలకి ఇరవై ఏడు వేల రూపాయలు, ఐదో తారీఖున ఖాతాలోంచి దానంతటదే కట్టయిపోతుంది. ఆ అప్పుకి హామీ సంతకం పెట్టింది వీడి బావ, అంటే అక్క మొగుడు. బస్సు డ్రైవరు. వాయిదా తప్పితే బ్యాంకువాళ్ళు ఆయన పీక మీద కూర్చుంటారు.

వాయిదా రూపాయల్లో, జీతం ఇక్కడి డబ్బులో. తమాషా అంతా అక్కడే ఉంది. వచ్చిన కొత్తలో ఇక్కడి ఒకటికి ఇరవై రెండున్నర రూపాయలు వచ్చేవి, వాయిదాకి పన్నెండువందలు పంపాల్సి వచ్చేది. తర్వాత రూపాయి నెలనెలా జారింది. ఇరవై మూడు దాటింది, వాయిదాకి పన్నెండువందల కంటే తక్కువే సరిపోయింది. మిగిలినది వాడు బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. అప్పు అదే, జీతం అదే, మధ్యలో ఊరికే మిగులు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే.

ఆ డబ్బా ఇంటికి టికెట్టు కోసం. వీడు బయల్దేరిన రెండు నెలలకి కూతురు పుట్టింది. దాన్ని వీడు ఇంతవరకూ ముట్టుకోలేదు. ఫోనులో చూసి చూసి, అది ఫోనుకే నాన్న అని పేరు పెట్టుకుంది. నాన్నంటే ఫోను కాదు, మనిషని దానికెవరు చెప్తారు? డబ్బా నిండుతుంటే నాక్కూడా సంతోషంగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

ఒక్కటే నచ్చేది కాదు. రూపాయి పడ్డ రోజు వీడు ఈల వేసేవాడు. "అన్నా, మళ్ళీ పడింది" అనేవాడు, పండు రాలినట్టు.

"అక్కడ నూనె ధర కూడా పెరిగిందిరా. నీ పెళ్ళాం ఈల వేస్తోందేమో కనుక్కో" అన్నాను ఒకసారి.

"నీకన్నీ చేదుగానే కనిపిస్తాయి అన్నా."

ఆ నెల జీతం చేతికొచ్చిన రోజు రేటు ఇరవై మూడు రూపాయల డెబ్భై పైసలు. మామూలుగా ఆ సాయంత్రమే డబ్బు మార్చి ఇంటికి పంపే ఎక్స్ఛేంజికి వెళ్ళి పంపేవాడు. ఈసారి కదల్లేదు.

"రెండు రోజుల్లో ఇరవై నాలుగు అవుతుందట. అందరూ అంటున్నారు."

"అయితే నీకు మిగిలేదెంత?"

లెక్క వేశాడు. "పద్నాలుగు."

"పద్నాలుగుకి ఇక్కడ మంగలి కూడా కత్తెర పట్టుకోడు. వెళ్ళి పంపు."

"పద్నాలుగు పద్నాలుగే కదన్నా, డబ్బాలో." పద్నాలుగంటే వాడికి కూతురి వైపు ఒక అడుగు.

మర్నాటి నుంచి రేటు దిగడం మొదలుపెట్టింది. ఇరవై రెండు తొంభై. "ఊరికే ఊపు, మళ్ళీ లేస్తుంది" అన్నాడు. ఇరవై రెండూ ఇరవై. అప్పటికి తారీఖు నాలుగు. ఆ సాయంత్రం ఎక్స్ఛేంజి గుమ్మం దాకా వెళ్ళి, అద్దం వెనక బోర్డు చూసి, వెనక్కి వచ్చేశాడు. మొన్న పంపి ఉంటే తక్కువయ్యేదన్న బాధ ఉంది చూశారా, అది మనిషిని ఇవాళ కూడా పంపనివ్వదు.

ఐదో తారీఖున మేమంతా పనిలో ఉన్నాం. సైటులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి. సాయంత్రం తీసుకునేసరికి వీడి ఫోనులో భార్య నుంచి తొమ్మిది కాల్స్. వీడు తిరిగి చేసేలోపే బావ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. బస్సులో కూర్చున్నాం, పక్కనే ఉన్నాను, ఆయన గొంతు నాకూ వినిపించింది.

"ఏం బావమరిదీ, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది బావా. అదీ, వాయిదా..."

"ఖాతాలో డబ్బు లేదని పొద్దున్నే బ్యాంకువాళ్ళు డిపోకి ఫోన్ చేశారు. నేను కట్టేశాలే. జరిమానాతో ఇరవై ఏడు వేల ఆరువందలు. దాందేముంది."

"రేపే పంపేస్తా బావా."

"తొందరేం లేదు. రేటు బాగున్నప్పుడే పంపు. నీ లెక్కలు నీకుంటాయిగా." ఆయన వెటకారం చేయలేదు, నిజంగానే అన్నాడు. అందుకే నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు.

వీడి మొహం తేలికపడింది. "అయితే అన్నా, ఒక వారం ఆగితే..." అని మొదలుపెట్టాడు.

అప్పుడే భార్య మళ్ళీ చేసింది. "అన్నయ్యగారు మీకు చెప్పొద్దన్నారు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు" అంది. "అది వాళ్ళమ్మాయి కాలేజీ ఫీజు డబ్బండీ. కట్టడానికి ఎల్లుండే ఆఖరు. ఫీజుకి లోను అడుగుదామంటే, తను హామీ ఉన్న అప్పులో వాయిదా తిరిగొచ్చిందని అక్కడా పేచీ పెడతారేమోనని ఆయన భయం. వదిన ఏడుస్తోంది."

వీడు "ఊ" అన్నాడు.

గదిలో డబ్బా దించి మంచం మీద బోర్లించాడు. లెక్క నేనే చేశాను. రేటు ఇరవై ఒకటీ అరవైకి పడింది, అంటే రూపాయి బలపడింది. బావకి చేరాల్సిన దానికి పన్నెండువందల డెబ్భై ఎనిమిది కావాలి. గంటలో చేరేలా పంపితే ఇంకో పాతిక. జీతంలోంచి వాయిదాకి తీసేది పన్నెండువందలే, పైది డబ్బాలోంచి రావాలి. జీతం రోజున పంపి ఉంటే పదకొండువందల నలభై, మామూలు ఖర్చు పదిహేనుతో అయిపోయేది. పద్నాలుగు మిగుల్చుకుందామని దాదాపు నూట యాభై పోగొట్టాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నోటి దాకా వచ్చింది, మింగేశాను.

"ఇక్కడే నిలిస్తే వచ్చే నెల నుంచీ వాయిదాకి పన్నెండువందల యాభై. నెలకి యాభై డబ్బాలోంచే తియ్యాలి" అన్నాడు వాడే. డబ్బాలో ఐదువందల చిల్లర ఉంది. టికెట్టు తొమ్మిదివందలు. ఇన్నాళ్ళూ దగ్గరికి నడిచిన టికెట్టు ఇక వెనక్కి నడవడం మొదలుపెడుతుంది.

"నా దగ్గర వంద తీసుకోరా."

"వద్దన్నా. ఇది నా డబ్బాదే."

ఎక్స్ఛేంజిలో ఆ పూట రద్దీ లేదు. అద్దం వెనక అమ్మాయికి వీడు బాగా తెలుసు. రోజూ బోర్డు చూసి వెళ్ళిపోయే మనిషిని ఎవరు మరిచిపోతారు? నోట్లు లెక్కపెడుతూ, పాపం, మంచికే అంది:

"ఈ నెలలో ఇదే అధ్వాన్నమైన రేటు అండీ. మీరు ఎప్పుడూ చూసుకుని పంపుతారు కదా. రేపటిదాకా ఆగుతారా?"

వీడు బోర్డు వైపు తలెత్తలేదు. జేబులోంచి ఫోను తీసి కూతురి బొమ్మ ఉన్న తెర కిందికి తిప్పి బల్ల మీద పెట్టాడు. డబ్బాలోంచి తెచ్చిన చిల్లర అద్దం కిందినుంచి తోశాడు.

"ఆగనమ్మా. పంపేయండి."