నలభై ఒకటో పేజీ ఉత్తర్వు

ఉద్యోగం పోయిన పంతులమ్మగారు మా లాయరు ఆఫీసు బెంచీ మీద నీరసంగా కూర్చుని ఉన్నారు. ఆవిడ కేసులో వచ్చిన రెండు వందల పన్నెండు పేజీల తీర్పుకు కంప్యూటర్ చేత రాయించిన సారాంశాన్ని నా జూనియర్ నా ముందుంచింది. చివరి వాక్యం: “అప్పీలు కొట్టివేయడమైనది.”

“ఇది ఏ పేజీలో ఉందమ్మా?”

“నలభై ఒకటిలో సార్.”

“తక్కినవన్నీ జడ్జిగారు కాలక్షేపానికి రాశారా?”

ఆ పేజీ తెరిచాను. అది కింది కోర్టు ఉత్తర్వు. ఈ తీర్పులో కేవలం ఉటంకించారు. విసుగ్గా ఆఖరి పేరాకు వెళ్ళాను. సెక్షన్ 14(2) ప్రకారం సంజాయిషీ అడగనందున తొలగింపు చెల్లదనీ, మూడు నెలల్లో మళ్ళీ విచారణ జరపాలనీ, అంతవరకు ఆమె సస్పెన్షన్‌లోనే ఉండాలనీ ఉంది.

జూనియర్ ముఖం పాలిపోయింది. “ఓడిపోయామని ఆవిడకు చెప్పేశాను సార్.”

పంతులమ్మగారిని లోపలికి పిలిచి, ఆఖరి పేరా నేనే చదివి వినిపించాను.

“అంటే గెలిచామా?”

“ఉద్యోగం పోలేదమ్మా. అలాగని రానూలేదు.”

ఆమె కళ్ళు తుడుచుకున్నారు. “మా అబ్బాయికి ఫోన్ చేసి ఓడిపోయామన్నాను. ఇప్పుడు వాడికి ఏమని చెప్పమంటారు?”

జూనియర్ ఆమె పక్కన కుర్చీ వేసుకుంది. “నంబరివ్వండి, పంతులమ్మగారూ. తప్పు నాదని నేనే చెబుతాను.”