సీసా వెనక వైపు

అక్క తెచ్చిన విటమిన్ సీసాను చెల్లెలు వెనక్కి తిప్పి చదువుతోంది. ఆమెకు మూడో నెల. మందుల షాపులో పని చేస్తుంది కాబట్టి చదవందే ఏదీ నోట్లో వేసుకోదు.

"సొంత అక్క ఇచ్చినదానికి కూడా సోదాలేనా?" అంది అక్క. ఆ కంపెనీ మాత్రలు ఇంటింటికీ తిరిగి అమ్మేది ఆమే.

"అక్కా, మాత్రకి విటమిన్ ఎ పద్దెనిమిది వందల మైక్రోగ్రాములు. రోజుకి రెండు వేసుకోమన్నారు. గర్భిణులకి మూడు వేలు దాటకూడదు. పైగా ఇది రెటినాల్ రూపంలో ఉంది, ఎక్కువైతే బిడ్డకి ప్రమాదం. బీటా కెరోటిన్ అయితే ఆ భయం లేదు."

"పరీక్షించాం అని ముద్ర వేశారు కదే!"

"వాళ్ల ల్యాబ్‌లో వాళ్లే పరీక్షించుకున్నారు. బయటి సంస్థ పేరే లేదు."

అక్క మొహం మాడిపోయింది. "మా ఆడపడుచుకి రెండో నెల. వారం నుంచీ ఇవే వేసుకుంటోంది. బాగానే ఉందిగా!"

చెల్లెలు సీసా పక్కన పెట్టేసింది. "వెంటనే మానేసి డాక్టర్‌కి చూపించుకోమని చెప్పు."

"చెప్పి, అత్తింట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

చెల్లెలు ఫోన్ తీసింది.

"చేశావంటే మనిద్దరికీ ఇంతటితో సరి," అంది అక్క, చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

అవతల ఆడపడుచు ఫోన్ ఎత్తేసరికి అక్క గేటు దాటేసింది.