చూసుకోకుండా స్విచ్ వేసి

రాడ్ రెండో దెబ్బకి ఎలక్ట్రీషియన్ పళ్లు క్యాంటీన్ బల్ల మీద రాలాయి. టీ తాగుతున్న సేఫ్టీ ఆఫీసర్ గ్లాసు వదిలేసి లేచాడు.

కొడుతున్నది మిషన్ ఆపరేటర్ వాళ్ల అన్న. ఆ రబ్బరు ఫ్యాక్టరీలోనే గోడౌన్ పని అతనిది. నిన్న రోలర్లలో పడి నుజ్జయిన తమ్ముడి చేతిని ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

"మా వాడు లోపల ఉంటే స్విచ్ వేస్తావురా? మెయిల్లో అంత స్పష్టంగా ఉంటే ఇంకా బుకాయిస్తావా?"

"నేను ఆపానన్నా..." అన్నాడు ఎలక్ట్రీషియన్, నోటినిండా రక్తంతో.

ఆ మెయిల్ రాసింది సేఫ్టీ ఆఫీసరే. "చూసుకోకుండా సూపర్‌వైజర్ స్విచ్ వేయడంతో" అనే మొదలుపెట్టాడు. విచారణ అయ్యేదాకా సూపర్‌వైజర్ ఊసెత్తొద్దని మేనేజర్ అంటే ఆ ముక్క తీసేసి అతుకేశాడు. "లోపల మనిషి ఉన్నాడో లేడో చూసుకోకుండా స్విచ్ వేసి, ఆపరేటర్ చెయ్యి రోలర్లలో పడగానే ఎలక్ట్రీషియన్ ఎర్ర బటన్ నొక్కి మిషన్ ఆపాడు." స్విచ్ వేసిన మనిషి మాయమయ్యాడు. వేసిన పాపం పోయి, ఆపినవాడి మెడకు చుట్టుకుంది. ఈ ప్రబుద్ధుడు మళ్లీ ఓసారి చదువుకోకుండానే అందరికీ పంపేశాడు.

అన్న రాడ్ మళ్లీ ఎత్తాడు. ఈసారి తల మీదకే. సేఫ్టీ ఆఫీసర్ పరుగెత్తి అడ్డం పడ్డాడు.

"ఆగన్నా! అతను ఆపకపోతే మీ తమ్ముడు మనిషే దక్కేవాడు కాదు. నేనే తప్పుగా రాశాను."

"మరి వేసిందెవడు?"

సూపర్‌వైజర్ కుళాయి దగ్గరే ఉన్నాడు, మొహంలో నెత్తుటి చుక్క లేకుండా. ఒక్క మాట చెప్తే ఆ పుర్రె అక్కడికక్కడే పగులుతుంది.

"చెప్తాను. ముందు ఆ రాడ్ కింద పెట్టు."

అన్న పెట్టలేదు. దెబ్బ సేఫ్టీ ఆఫీసర్ కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు క్యాంటీన్ అంతా వినపడింది. రాడ్ మళ్లీ లేచేలోపు కింద పడున్న ఎలక్ట్రీషియన్ అన్న కాళ్లు రెండూ వాటేసుకున్నాడు. చావుదెబ్బలు తిన్నవాడు, అయినా వదల్లేదు. అన్న తూలి కూలబడ్డాడు. రాడ్ చేజారి బల్ల కిందకి దొర్లిపోయింది. "వాడింక అన్నం ఎట్లా కలుపుకుంటాడురా" అని బావురుమన్నాడు. సూపర్‌వైజర్ అప్పటికే గేటు దాటేశాడు.

అంబులెన్సులో సేఫ్టీ ఆఫీసర్ ఎడమచేతి బొటనవేలితో అందరికీ ఇంకో మెయిల్ కొట్టాడు. మేనేజర్ ఫోన్ మోగుతుంటే కట్ చేస్తూనే కొట్టాడు.

"స్విచ్ సూపర్‌వైజర్ వేశాడు. మిషన్ ఎలక్ట్రీషియన్ ఆపాడు. నిన్నటి మెయిల్ నేను తప్పుగా రాశాను."

పక్కన స్ట్రెచర్ మీద ఎలక్ట్రీషియన్ మూలుగుతున్నాడు. అతని తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకుని అన్న కూర్చున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ అన్న వంక చూసి చివరి ముక్క చేర్చాడు.

"నా చెయ్యి విరిగింది."

ఎవరు విరిచారో రాయలేదు. ఈసారి తెలిసే వదిలేశాడు.