ఐదు గ్రాముల పొడి

హైదరాబాదులో కాలనీలకు కాలనీలే వరదలో మునిగిన ఏడు అది, రెండువేల సంవత్సరం. ఆగస్టులో పడిందా వాన. బీరంగూడలో మొగులయ్య ఉండే కిరాయి గది మునగలేదు గానీ పైన రేకు ఒకచోట కారింది. కింద బకెట్ పెట్టి పనికి పోయాడు. తిరిగి వచ్చేసరికి బకెట్ నిండి పొర్లింది, చాప తడిసింది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆ బకెట్ పారబోసేవారు.

ఇంకో మనిషి లేక ఆరేళ్ళయింది. భార్య పోయింది, పిల్లలు కలగలేదు. అతనికిప్పుడు నలభై ఒకటి. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో తూకం గదిలో పని. సరుకు తూచి బ్యాచికి ఇవ్వాలి. కాటా మీద ఖాళీ డబ్బా పెట్టి, దాని బరువు తీసేసి, పొడి పోసి, చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. పన్నెండేళ్ళుగా అదే పని. అతని చేతి మీదుగా పోయిన బ్యాచి ఒక్కటీ చెడలేదు. మాస్కు కట్టుకొని చేసే పని కాబట్టి మాటలకు వీలుండదు. డ్యూటీ దిగి మాస్కు తీశాక మాట్లాడడానికి ఎవరూ ఉండరు.

అందుకే జిమ్ముకు పోయేవాడు. పటాన్‌చెరు బజారులో విశ్వేశ్వర్ మెడికల్ షాపు వెనక రేకుల షెడ్డు అది. అక్కడ బరువులెత్తే వాళ్ళు పదిమంది దాకా ఉండేవారు. బండ రాయిలాగా నోరు మెదపని మొగులయ్య బరువులు తగిలించిన ఇనుప బార్ ముందు వంగితే అందరూ పని ఆపి చూసేవారు. పైకి లేపితే అరిచేవారు. రోజు మొత్తం మీద అతని పేరు నలుగురి నోట వినపడేది ఆ ఒక్కసారే.

అక్టోబరులో సంగారెడ్డిలో జిల్లా పోటీలు పెట్టారు. మనిషి బరువును బట్టి తరగతులు. ఒక్కో తరగతికి ఒక్కరు, మొదట వచ్చిన వాళ్ళు, మర్నాడే బస్సులో వరంగల్‌కు రాష్ట్ర పోటీలకు పోతారు. నాలుగు రోజులు. ఒకే హాలులో పడక, ఒకే పంక్తిలో తిండి. మొగులయ్యకు మెడల్ మీద పెద్దగా ఆశ లేదు. ఆ నాలుగు రోజుల మీద ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అరవై కిలోల తరగతిలో అతనికి పోటీగా నిలిచేవాడు అదే షెడ్డుకు వచ్చే పెంటయ్య ఒక్కడే. పెంటయ్య అతనికన్నా పాతిక కిలోలు తక్కువ ఎత్తుతాడు. ఆ తరగతిలో నిలవాలంటే ఒంటి బరువు అరవై దాటకూడదు, మొగులయ్యది యాభైతొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములు. కాబట్టి సీటు ఖాయమనే అనుకున్నాడు.

పోటీకి పన్నెండు రోజులుందనగా, షాపూ జిమ్మూ రెండూ నడిపే విశ్వేశ్వర్ ఒక డబ్బా చేతిలో పెట్టాడు. బొంబాయి నుంచి వచ్చిన తెల్ల పొడి. క్రియాటిన్.

"గిది కండలకు బలమిస్తదన్నా. ఇంకొక్క ఎత్తు ఎక్కువ ఎత్తుతవ్. రోజుకు ఐదు గ్రాములు, ఒక్కసారే. గ్లాసు నీళ్ళల్ల కలుపుకొని తాగు."

"ఐదు గ్రాములంటే?"

"లోపల కొలిచే చెంచా ఉండాలె, డబ్బాల రాలే. ఇంట్ల చాయ్ చెంచా ఉంటది గద. దాంతోని జెర గుబురుగా ఒకటి. అంచుకు గీస్తే మూడు, మూడున్నర వస్తది. గుబురైతే ఐదు."

"సరే సేటు."

"తూకం గదిల మనిషివి, నీకు నేను చెప్పుడేంది!" అని విశ్వేశ్వర్ నవ్వాడు.

ఆ నవ్వు మొగులయ్యకు బాగా నచ్చింది. దారంతా దాన్నే తలుచుకుంటూ గదికి పోయాడు.

గదిలో చాయ్ చెంచా లేదు. అతను చాయ్ హోటల్లో తాగుతాడు. ఉన్నదొకటే, కూర వేసుకునే పెద్ద చెంచా. గోడ అవతల ఇంటిగలామె రాజవ్వ ఉంటుంది. అడిగితే ఇస్తుంది. అడగడానికి గుమ్మం దాకా పోయి, ఏమని పిలవాలో తోచక వెనక్కి వచ్చాడు. మూడేళ్ళలో కిరాయి రోజున తప్ప ఆ తలుపు కొట్టిందే లేదు.

అయినా ఐదు గ్రాములు తెలియకపోవడమేమిటి అనుకున్నాడు. ఫ్యాక్టరీలో రోజూ అతని చేతిలో పడే పొడి ఒకటుంది, దూదిలాగా తేలిక. దాన్ని ఇంత చెంచాతో అంచుకు గీసి తీస్తే కాటా మీద సరిగ్గా ఐదు గ్రాములు. వందసార్లు చూశాడు. పెద్ద చెంచా పొడిలో ముంచాడు. వేలితో అంచుకు గీశాడు. ఐదు గ్రాములే అని చేయి చెప్పింది, కన్ను ఒప్పుకుంది. రోజూ పొద్దున అలాగే తాగాడు.

నాలుగో రోజు నుంచి పొద్దునపూట కడుపు కాస్త జారింది. మందు పనిచేస్తోంది కాబోలనుకున్నాడు. ఎనిమిదో రోజు నేల మీది నుంచి నూట డెబ్బై కిలోలు లేపాడు. అంత బరువు జన్మలో ఎత్తలేదు. షెడ్డంతా అరిచింది. "కాకా ఏం తింటున్నవే! మాకు జెర చెప్పు!" అని పెంటయ్య భుజం మీద చరిచాడు. మొగులయ్య ఆ రోజు గది దాకా నడిచే వచ్చాడు, బస్సెక్కలేదు.

పదో రోజు, అంటే పోటీకి రెండు రోజుల ముందు, విశ్వేశ్వర్ అందరినీ మిషను మీద నిలబెట్టి బరువు చూశాడు. మొగులయ్య వంతు వచ్చింది.

అరవై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు.

"దిగి మల్ల ఎక్కు."

దిగి ఎక్కాడు. అంతే.

"అన్నా, ఏం తిన్నవే?"

"ఎప్పటిదే. అన్నం, పప్పు."

"పొడి ఎంత తింటున్నవ్?"

"ఐదు గ్రాములు."

"డబ్బా తే."

మొగులయ్య బస్సులో పోయి డబ్బా, చెంచా రెండూ తెచ్చాడు. విశ్వేశ్వర్ డబ్బాలో తొంగి చూశాడు. మూడు వందల గ్రాముల డబ్బా. పది రోజులకు యాభై గ్రాములు తగ్గాలి. మూడో వంతు ఖాళీ అయింది.

విశ్వేశ్వర్ డబ్బా పక్కన పెట్టాడు. అల్మారా పైనుంచి వాళ్ళ నాయన కాలం నాటి చిన్న తరాజు దించాడు. దాని గుండ్లు ఎప్పుడో పోయాయి. గల్లా లోంచి కొత్త స్టీలు రూపాయి బిళ్ళ తీశాడు. "గిది ఐదు గ్రాములకు జెర తక్కువ. మా నాయిన దీంతోనే తూచేటోడు" అని ఒక పళ్ళెంలో వేశాడు. రెండో పళ్ళెంలో కాగితం పరిచాడు. అంత కాగితమే చింపి రూపాయి కింద కూడా పెట్టాడు.

"నువ్వు తీసినట్టే తీయి."

మొగులయ్య పెద్ద చెంచా ముంచి అంచుకు గీసి కాగితం మీద పోశాడు. పొడి ఉన్న పళ్ళెం టక్కుమని కిందికి పోయింది. విశ్వేశ్వర్ ఇంకో రూపాయి వేశాడు. అప్పుడు రెండు పళ్ళేలూ దాదాపు సమమయ్యాయి.

"పది గ్రాములు" అన్నాడు మొగులయ్య. తనే అన్నాడు, ఇంకొకరు చెప్పక ముందే.

విశ్వేశ్వర్ షాపులో చాయ్ చెంచా తీసి ఇచ్చాడు. దాంతో గీసి పోస్తే ఒక్క రూపాయి కూడా లేవలేదు. కాస్త గుబురుగా పోస్తే రెండు పళ్ళేలూ సమంగా నిలిచాయి. పెద్ద చెంచాలో చాయ్ చెంచాలు మూడు పట్టాయి. మొగులయ్య మూడూ పోసి చూశాడు. మళ్ళీ పోసి చూశాడు. పొడిని వేళ్ళ మధ్య నలిపాడు. ఫ్యాక్టరీ పొడి వేళ్ళ మీద అసలు తెలియదు. ఇది సన్న ఇసకలాగా రాలింది. చెంచా అదే, నిండుగా కనిపించేదీ అంతే, బరువు మాత్రం రెండింతలు. పని గదిలో కొత్త కుర్రాళ్ళకు మొదటిరోజే తను చెప్పే మాట ఇది. చెంచాతో కొలవొద్దు, ఒక్కో పొడిది ఒక్కో బరువు అని.

"గిది కండలల్లకు నీళ్ళు గుంజుతదన్నా. ఐదైనా పదిరోజులకు కొంత పెరుగుతుంటివి. గింత గాదు."

"ఆపేస్తే దిగదా?"

"ఆ నీళ్ళు దిగాల్నంటే నెల పడ్తది. రెండు దినాలల్ల యాడ దిగుతది?" విశ్వేశ్వర్ తరాజు ముడుస్తూ అడిగాడు. "నీ ఇంట్ల చాయ్ చెంచా లేదా?"

"లేదు."

"పక్కింట్ల అడగకపోయినవా?"

మొగులయ్య పెద్ద చెంచా తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రెండు రోజులూ రొట్టె ముక్క, గుక్కెడు నీళ్ళు, అంతే. తలుపు దగ్గర కూర్చొని ఉంటే రాజవ్వ చూసింది.

"ఏమైందిరా మొగులయ్యా? మొకం గట్ల పీక్కపోయింది. అన్నం వండుకోలేవా?"

"ఒద్దవ్వా. బరువు తగ్గాలె."

"ఉన్నదే తోలు, బొక్కలు. అండ్లకెల్లి ఏం తగ్గుతవ్?" అంది. కాసేపు నిలబడింది. మొగులయ్య చెంచా సంగతంతా చెప్పాడు. అంత మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"చాయ్ చెంచాకా గింత పరేషాన్? నా తాన అరడజను పడున్నయి గదరా. గోడ మీద కొడ్తే తెచ్చిస్తుంటి" అంది.

సంగారెడ్డిలో పొద్దున బరువు చూసే అధికారి వెంకటరామయ్య. బట్టలు విప్పి లంగోటాతో మిషను ఎక్కాడు మొగులయ్య. అరవై కిలోల ఐదు వందలు.

"గంట టైముంది. ఉరుకుతవో ఏం జేస్తవో నీ ఇష్టం" అన్నాడు వెంకటరామయ్య.

రెండు స్వెట్టర్లు తొడుక్కొని గ్రౌండు చుట్టూ పరుగెత్తాడు. పక్కన విశ్వేశ్వర్ కూడా కొంతసేపు ఉరికి, రొప్పుతూ ఆగిపోయాడు. "ఇగ చాలన్నా, పడిపోతవ్." మొగులయ్య ఆగలేదు. నోరు ఎండి నాలుక అంగిలికి అతుక్కుంది. ఉమ్ముదామంటే ఉమ్మి రాలేదు. గంట అయ్యేసరికి మళ్ళీ ఎక్కాడు.

అరవై కిలోల రెండు వందలు.

వెంకటరామయ్య ముల్లు వంక రెండుసార్లు చూశాడు. "పైతరగతిల రాస్కోనా, పోతవా?"

"రాయి సారు."

పైతరగతి అరవై ఏడున్నర. అక్కడివాళ్ళు అతని పక్కన గోడల్లాగా ఉన్నారు. నీళ్ళు తాగి, అరటిపండు తిని, భుజాల మీద, ఛాతీ మీద, నేల మీది నుంచి, మూడు ఎత్తులూ ఎత్తాడు. మొత్తం మూడు వందల ఎనభై కిలోలు. ఎప్పుడూ అంత రాలేదు. నాలుగో స్థానం వచ్చింది. అరవై కిలోల తరగతిలో పెంటయ్య మూడు వందల యాభై ఐదుతో మొదట వచ్చాడు.

పెంటయ్య వచ్చి ముందర నిలబడ్డాడు. "కాకా, గా సీటు నీది" అన్నాడు.

"బరువు నీది సరిపోయింది. సీటు నీదే."

"పొడి సంగతి సేటు చెప్పిండు."

"తప్పు తరాజుది కాదు, నాది" అని మొగులయ్య బూట్ల తాడు విప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఐదింటికి లేచి పటాన్‌చెరు స్టాండుకు పోయాడు. జట్టు సంచులు బస్సు మీదికి ఎక్కించాలి, వాటిలో ఇనుప బరువు బిళ్ళలుంటాయి. తొమ్మిది మంది సంచులూ తనే నిచ్చెన ఎక్కి పైకి చేర్చి తాళ్ళతో బిగించాడు. ఎవరో కిటికీలోంచి "కాకా పోయొస్తం!" అని అరిచారు. చేయి ఎత్తాడు. బస్సు రోడ్డెక్కి కనబడకుండా పోయేదాకా నిలబడ్డాడు. తర్వాత కాజీపల్లి వైపు పోయే ఆటో ఎక్కి, పొద్దటి షిఫ్టుకు టైముకే చేరి, మాస్కు కట్టుకొని కాటా ముందు నిలబడ్డాడు.