మంచం మీద నైట్ డ్యూటీ

ఆపరేషన్ థియేటర్లో నా పని లెక్కపెట్టడం. కత్తులూ కత్తెరలూ అందించేది కూడా నేనే గానీ, అసలు పని మాత్రం లెక్క. రక్తం అద్దే గుడ్డల్ని మేం మాప్‌లంటాం. అవి ఐదేసి కట్టలుగా వస్తాయి. పొట్ట కోసేముందు ఒక లెక్క, మూసేముందు ఒక లెక్క, చివరి కుట్టుకు ముందు మరో లెక్క. నేను పైకి అంటూ లెక్కపెడితే, ఎదురుగా నిలబడ్డ సిస్టర్ కూడా నాతోపాటు లెక్కపెట్టి, విప్పిన కట్టలు రాసిపెట్టిన బోర్డుతో సరిచూస్తుంది. "లెక్క సరిపోయింది" అని నేను అంటే తప్ప సర్జన్ మూసెయ్యకూడదు. పదమూడేళ్లు ఆ మాట అన్నాను. అన్నప్పుడల్లా కాస్త గర్వంగానే ఉండేది, దాచడం దేనికి?

చిక్కంతా ఇంటికొచ్చాకే. దీపం ఆర్పగానే ఆ రోజు లెక్కలన్నీ బుర్రలో మళ్లీ మొదలయ్యేవి. రెండో కేసులో మూడో కట్ట నిజంగా ఐదేనా? రెండు గుడ్డలు అతుక్కుపోయి ఉంటే? అక్కణ్ణించి కరెంటు బిల్లుకీ, దాన్నుంచి అమ్మ మోకాలికీ, మోకాలినుంచి ఏడేళ్ల కిందట ఎవరితోనో అన్న అనకూడని మాటకీ గెంతేది బుద్ధి. గుండె దడదడలాడేది. ఇంక నాలుగు గంటలే ఉన్నాయి, ఇప్పుడైనా నిద్రపట్టకపోతే రేపు ఏమైపోతానని ఆ భయం వేరే. గోరుచుట్టు మీద రోకలిపోటు.

పక్కన మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తల దిండుకి తగిలేలోపే గుర్రు మొదలెడతాడు. అంత హాయిగా నిద్రపోయే మనిషిని చూస్తే ఒళ్లు మండేది. మా అత్తగారేమో పొద్దున్నే నా కళ్లు చూసి, "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదంటారే. నీకు పట్టుపరుపులాంటి పక్క ఉండి ఏం లాభమే అమ్మాయ్" అనేది. జాలిగానే అనేది. నాకు మాత్రం కారం రాసినట్టుండేది.

ఇలా అయిదు నెలలు నెట్టుకొచ్చాక ఒకరోజు మాప్ ఒకటి తక్కువైందన్నాను. ఎదుటి సిస్టర్ సరిపోయిందంటోంది. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ తక్కువే వచ్చింది. నియమం ప్రకారం ఆపాల్సిందే కాబట్టి ఆపారు. నేలంతా వెతికి, ఎక్స్‌రే తీసి, చివరికి ఇంకొకరు వచ్చి లెక్కపెడితే అన్నీ ఉన్నాయి. నా కళ్లముందున్న గుడ్డనే నేను రెండుసార్లు దాటేశాను. రోగికేమీ కాలేదు గానీ అరగంటసేపు అనవసరంగా మత్తులో ఉన్నాడు. ఆ సాయంత్రం నాకు నా మీదే నమ్మకం పోయింది.

పెద్ద సిస్టర్ గదిలోకి పిలిచి తలుపు వేసింది. "నిన్ను తీసెయ్యడం లేదు. పరికరాలు కడిగి ప్యాక్ చేసే గదిలో ఉండు. ఎనిమిది వారాలు టైమిస్తున్నా. నిద్ర సంగతేదో తేల్చుకునిరా. తేలకపోతే నీ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు. అది నాకిష్టం లేదు."

ఆ చోటు పోతే నేనేమిటో నాకు తెలీదు. మర్నాడే నిద్ర క్లినిక్‌కి వెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ నాకంటే చిన్నది. థైరాయిడ్ పరీక్షలు చూసింది, గురక ఉందా, దిగులుగా ఉంటుందా, రోజుకెన్ని కాఫీలని అడిగింది. ఆరని చెబితే కళ్లజోడు తీసి నన్ను చూసింది. తర్వాత ఒక్కో నియమం చెబుతూపోయింది. మధ్యాహ్నం తర్వాత కాఫీ బంద్. సాయంత్రం ఏడింటికి బల్ల దగ్గర కూర్చుని, బుర్రలో ఉన్న గుబులంతా ఒక నోట్సులో రాయాలి. పక్కనే, దాని గురించి రేపు చెయ్యగలిగింది ఒక్కటి. చెయ్యగలిగింది లేకపోతే "ఏమీ లేదు" అని రాసి మూసెయ్యాలి. పడుకోవడానికి గంట ముందు ఫోను వంటింట్లో పెట్టెయ్యాలి. పెద్ద లైటు ఆర్పి, గోరువెచ్చటి నీళ్లు పోసుకుని, కాళ్లనుంచి మొదలుపెట్టి ఒక్కో కండా బిగించి వదలాలి. ఊపిరి మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలాలి.

"నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కండి. ఎంతకీ పట్టట్లేదనిపిస్తే లేచొచ్చి, మసక వెలుతురులో విసుగుపుట్టే పని ఏదైనా చెయ్యండి. మళ్లీ కళ్లు మూతపడుతుంటే వెళ్లండి. పొద్దున మాత్రం ఎలా పడుకున్నా సరే అయిదున్నరకి లేవాల్సిందే."

"మరి ఎన్నింటికి పడుకోవాలి?"

"ప్రస్తుతం మీకు నిద్రపట్టేది నాలుగు గంటలే. మంచం మీద అయిదున్నర గంటలకంటే తగ్గించం. కాబట్టి పన్నెండుకి."

"నిద్ర రావట్లేదు మొర్రో అని మీ దగ్గరికొస్తే అర్ధరాత్రిదాకా మేలుకోమంటారా?"

"తొమ్మిదిన్నరకే మంచమెక్కి నాలుగు గంటలు దాంతో కుస్తీ పడుతున్నారు. ఆ కుస్తీ తగ్గిద్దాం. నిద్ర కుదురుకున్నకొద్దీ పావుగంట చొప్పున పెంచుకుందాం. మొదట్లో పగలు తూగొస్తుంది, బండి నడపొద్దు" అంది. ఎంత నిద్రపట్టిందో రోజూ నింపమని ఒక కాగితం కూడా ఇచ్చింది.

నేను నర్సుని. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం నా రక్తంలోనే ఉంది. కాఫీ మానేస్తే మూడు రోజులు తల పగిలిపోయింది, అయినా తాగలేదు. పడగ్గదిలో గోడ గడియారం తీసేశాను. విసుగుపుట్టే పనికి వాషింగ్ మెషీన్‌తో వచ్చిన పుస్తకం ఎంచుకున్నాను. అంతకంటే విసుగు పుట్టించేది ఇంట్లో మా ఆయన కబుర్లు తప్ప వేరే లేదు. మూడు వారాలు తు.చ. తప్పకుండా పాటించాను. నిద్ర వీసమెత్తు పెరగలేదు. ఎనిమిదిలో మూడు వారాలు గంగలో కలిసినట్టే.

మూడోవారం చివర కాగితాలు తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పడేశాను. "మీ వైద్యం నాకు పనిచెయ్యలేదు."

ఆవిడ కాగితాలు చూస్తూ చూస్తూ పెదవి కొరుక్కుంది. "ఒంటిగంటా పదిహేను, మేలుకునే ఉంది. ఒకటిన్నర, మేలుకునే ఉంది, నాడి ఎనభై ఆరు. ఒకటీ నలభై అయిదు, కునుకు. ఇవన్నీ ఎవరు రాశారండీ?"

"నేనే."

"కునుకు తీస్తూ 'కునుకు' అని ఎలా రాశారు?"

గోడ గడియారం తీశాను గానీ, యూనిఫామ్‌కి తగిలించుకునే గడియారం దిండు కింద పెట్టుకున్నాను. పావుగంటకోసారి చూసి రాయకపోతే అది చార్టెలా అవుతుంది? వార్డులో అలాగే నేర్చుకున్నాను, అలాగే ఇరవైమందికి నేర్పాను.

"పొద్దున లేచాక గుర్తున్నంతవరకూ అంచనాగా రాయమన్నాను కదా" అంది.

"అంచనాగా రాస్తే దాన్ని చార్టనరు డాక్టరుగారూ."

"ఇక్కడ అదే అంటారు. చూడండి సిస్టర్, ఆ మంచం మీద పేషెంటూ మీరే, నైట్ డ్యూటీ సిస్టరూ మీరే. డ్యూటీలో ఉన్న సిస్టర్ నిద్రపోకూడదు కదా? ముందు ఆవిణ్ణి ఇంటికి పంపించండి. నిద్రని ఎంత కాపలా కాస్తే అది అంత దూరం పోతుంది."

నాకు మొదట కోపం, తర్వాత సిగ్గు, ఆటోలో సగం దారిలో నవ్వూ వచ్చాయి. ఇంటికెళ్లి గడియారం అత్తగారి చేతిలో పెట్టాను. "రాత్రంతా మీ దగ్గర ఉంచండత్తయ్యా. అడిగినా ఇవ్వకండి."

"అడిగితే తిడతా, పర్లేదా?" అంది. పర్లేదన్నాను.

మొదటి రెండు రాత్రులు కళ్లకి గంతలు కట్టినట్టుంది. టైమెంతో తెలీక కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఒకసారి అత్తగారి గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చాను. మూడో రాత్రి మాప్‌ల లెక్క మొదలైంది. ఏడింటికే రాశాను, రేపు చూద్దామనుకున్నాను. అది పోలేదు, అక్కడే గొణుగుతూ ఉంది. సరే గొణుక్కోమని ఊపిరి వదులుతూ పడుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలీదు. పొద్దున కాగితంలో "సుమారు నాలుగున్నర గంటలు" అని రాశాను. జన్మలో నేను రాసిన మొదటి "సుమారు" అది. ఆనందంతో ఏడుపొచ్చింది.

వారానికి పావుగంట చొప్పున పడుకునే వేళ ముందుకి జరిగింది. పన్నెండు పోయి పదకొండూ ముప్పావు, ఆపైన పదకొండున్నర, ఎనిమిదో వారానికి పదకొండుంబావు. మధ్యలో రెండు చెడ్డ రాత్రులు తగిలాయి. అయినా పొద్దున అయిదున్నరకే లేచాను, పగలు పడుకోలేదు, మర్నాటి రాత్రి నిద్ర దానంతటదే సర్దుకుంది. ఒక రాత్రి చెడితే కొంపేమీ మునగదని తెలిశాక సగం భయం పోయింది.

గడువు తీరాక పెద్ద సిస్టర్ మళ్లీ థియేటర్‌కి రమ్మంది. వెళ్లే ముందు రాత్రి మెలకువ వచ్చింది. గుండె దడ, రేపటి కేసులు, సర్జన్ మొహం, అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. లేచి హాల్లోకెళ్లి వాషింగ్ మెషీన్ పుస్తకం తెరిచాను. నీళ్లు పోయే గొట్టం ఎంత ఎత్తులో ఉండాలో మూడుసార్లు చదివి, నాలుగోసారి చదవలేక వెళ్లి పడుకున్నాను. అలారం మోగితే లేచాను. ఎన్నో నెలల తర్వాత అలారానికి నాతో పనిపడింది.

ఆ రోజు మూడో కేసు పేగుల ఆపరేషన్. రక్తం బాగా పోయింది, కట్ట తర్వాత కట్ట విప్పాం. మూసేముందు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది. ఎదుటి సిస్టర్‌తో కలిసి మళ్లీ పెట్టాను. ఇరవై తొమ్మిదే.

"ఒకటి తక్కువ సర్."

సర్జన్ తలెత్తలేదు. "పోయినసారీ ఇదే అన్నారు."

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఎదుటి సిస్టర్ తడబడింది. "నేనే బోర్డు మీద ఒక కట్ట ఎక్కువ రాశానేమో..." అంది.

"లేదమ్మా. అలాగైతే అయిదు తక్కువ రావాలి. ఆరు కట్టలు విప్పాం, ఆరూ నా చేత్తో లెక్కపెట్టాను. లోపల చూడండి సర్. ఇప్పుడే మూయొద్దు."

ఆ మాట అంత నిబ్బరంగా అన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది. ఆయన చెయ్యి లోపలికి పోనిచ్చాడు. పేగుల వెనక ఎడమపక్కనుంచి నెత్తురులో తడిసి ముద్దయిన గుడ్డ ఒకటి బయటికొచ్చింది. నా పళ్లెంలో పెట్టాడు.

మొదటినుంచీ మళ్లీ లెక్కపెట్టాం. "ముప్పై. లెక్క సరిపోయింది సర్" అన్నాను.

"థాంక్యూ సిస్టర్" అన్నాడు. పదమూడేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

చేతులు కడుక్కుంటుంటే పెద్ద సిస్టర్ వచ్చి పక్క కుళాయి దగ్గర నిలబడింది. విషయం అప్పటికే చెవిన పడినట్టుంది. "అంతమంది చూస్తుంటే, ఆయన అలా అంటుంటే, నీకు అనుమానం రాలేదా?" అని అడిగింది.

"రాలేదు సిస్టర్. రాత్రి నిద్రపోయాను."

ఆవిడ నేరుగా వెళ్లి, మర్నాటి జాబితాలో మొదటి కేసుకి నన్ను వేసింది.