తోటకూర నీళ్ళు

సిబ్బి అడ్డం పెట్టి తోటకూర వారుస్తున్నాడు అప్పలరాజు. పచ్చటి నీళ్ళు ఒక్క చుక్క నేలపాలు కాకుండా గిన్నెలోకి పట్టాడు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు గింజలు కాల్చిన చేతులవి. జీడినూనెకి వేళ్ళు నల్లబడి, గోళ్ళు చిట్లి ఉంటాయి. వంటింటి గడప తొక్కి ఎరగని మనిషి నలభై రోజులుగా గరిటె పట్టాడు. భార్య నీలవేణి మూడు రోజుల జ్వరంతో పోయింది. పోతూ పోతూ కిడ్నీలు చెడిన తండ్రినీ, ఒక రూళ్ళ నోటుబుక్కునీ మొగుడి నెత్తిన పెట్టింది. ఈ మావ కూడా పోతే నీలవేణి ఇంకోసారి పోయినట్టే. ఆ భయంతోనే పొద్దున్నే పొయ్యి ముట్టించేవాడు.

మావ పైడయ్య భావనపాడులో చేపల వేట మానేసి రెండేళ్ళయింది. విశాఖ డాక్టరు చెప్పినవన్నీ కూతురు రాసిపెట్టుకుంది. ఉప్పు రోజంతటికీ అరచెంచా. పప్పు గుప్పెడే, ఎక్కువైతే కిడ్నీకి బరువు, బొత్తిగా మానేస్తే కండ కరిగిపోతుంది. గుడ్డులో తెల్లసొన ఒక్కటే. బలానికి అన్నం, రెండు చెంచాల నూనె. ఎండుచేప, అరటిపండు, కొబ్బరినీళ్ళు ముట్టకూడదు. కొబ్బరితోటల ఉద్దానంలో రోగికి కొబ్బరినీళ్ళు వద్దనడమా అని అప్పలరాజు మొదట నోరు వెళ్ళబెట్టాడు. చారూ మజ్జిగా కలుపుకుని నీళ్ళు రోజుకి నాలుగు గ్లాసులు. కూర సన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబొయ్యాలి. మళ్ళీ ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళూ పారబొయ్యాలి.

నాలుగో తరగతి చదువు. అక్షరం అక్షరం కూడబలుక్కుని రోజుకో పేజీ చదివేవాడు, చదివింది చదివినట్టు చేసేవాడు. ఒక్కచోటే తప్పాడు. నానిన నీళ్ళు పారబోశాడు గానీ, నెల తిరిగేసరికి ఉడికిన నీళ్ళు పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. ఆకుకూర ఉడికిన నీళ్ళలో చింతపండు పిసికి, వెల్లుల్లి దంచి వేసి చారు పెట్టడం వాళ్ళమ్మ నాటి అలవాటు. సారమంతా ఆ నీళ్ళలోనే ఉంటుందని అంగన్‌వాడీ గోడ మీద కూడా రాసుంది. ముసలాయనకి కాస్త సత్తువ రావాలని పది రోజులుగా రెండు పూటలా అదే పోస్తున్నాడు. నాలుగు గ్లాసులు దాటకుండా, పాపం, కొలిచి మరీ పోశాడు.

ఆ ఆదివారం కూడా పైడయ్య చారు గిన్నె ఎత్తి తాగాడు, మూతి తుడుచుకున్నాడు. చెయ్యి కడుక్కుందామని లేవబోయి గోడకి జారబడ్డాడు.

"కాళ్ళు నావి కావన్నట్టున్నాయి అల్లుడా" అన్నాడు.

 అప్పలరాజు నోటుబుక్కు అందుకుని, ఇంకా చదవని పేజీలు తిరగేశాడు. చివర్లో దొరికింది. 'నాయినకి కాళ్ళు లేవకపోతే క్షణం ఆగకూడదు. కూరల్లో పొటాషియం ఉంటుంది. ఉడికితే నీళ్ళలోకి దిగుతుంది. చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోతుంది. అందుకే ఆ నీళ్ళు పారబొయ్యాలి.' రెండోసారి చదవడానికి ధైర్యం చాల్లేదు.

ఆటోలో టెక్కలి దారి పొడవునా మావ మణికట్టు పట్టుకునే కూర్చున్నాడు. నాడి ఒకసారి కొట్టి, మరచిపోయినట్టు ఆగి, మళ్ళీ కొడుతోంది. ఆగినప్పుడల్లా అప్పలరాజుకీ ఊపిరి ఆగుతోంది. రోడ్డు మీద గుంత వచ్చినా భయమే, మావ కళ్ళు మూసినా భయమే. కడుపులో దాచుకోలేక చెప్పేశాడు.

"మావా, ఆ నీల్లు పారబొయ్యమని నీలవేణి రాసింది. నాను సారెట్టి పోసీనాను."

పైడయ్య కళ్ళు తెరవలేదు. "తెలుసురా. అది నా కళ్ళముందే దొడ్లో పోసీది" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "రెండేళ్ళకి నోటికి రుసి తగిలింది. సెప్తే మానేత్తావని సెప్పలేదు."

ఆసుపత్రిలో గుండెకి పరీక్ష తీశారు, నరంలోకి ఇంజెక్షను ఎక్కించారు. విశాఖ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలన్నారు. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే అప్పలరాజు చారుతో సహా అంతా చెప్పాడు. డాక్టరు తలెత్తకుండా రాసుకున్నాడు. అంబులెన్సు కోసం వరండాలోకి వెళ్ళి చూసొచ్చేసరికి నర్సు ముసలాయన మొహం మీదికి దుప్పటి లాగుతోంది. అప్పలరాజు మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. చేతులారా చంపుకున్నానా అనుకున్నాడు.

పోయినాయన తువ్వాలు నర్సు తెచ్చి చేతిలో పెట్టింది. ఒక కొసన ముడి ఉంది. విప్పితే నాలుగు నౌపడ ఉప్పురాళ్ళు, నాకి నాకి అంచులు అరిగిపోయి ఉన్నాయి.